ముందు ఆ గురక సంగతి చూడండి

పిల్లల డాక్టర్లకు సైకాలజిస్టులు రాసే ఉత్తరాల్లో నాకు బొత్తిగా నచ్చనిది ఒకటుంది. "ఈ బాబుకు ఏడీహెచ్‌డీ ఉందని అనుమానం. దయచేసి వైద్య పరీక్షలు చేసి పంపగలరు." అంతే, రెండు వాక్యాలు. అది అందుకున్న డాక్టరు ఏం చేయాలి? ఏ పరీక్ష? దేనికోసం? బయట టోకెన్లు పట్టుకుని జనం కూర్చుని ఉంటారు. ఆయన గుండె, ఊపిరితిత్తులు విని, బరువు చూసి, 'నార్మల్' అని రాసి పంపేస్తారు. ఆ ఒక్క మాట పట్టుకుని, ఒంట్లో ఏమీ లేదు కాబట్టి ఇది ఏడీహెచ్‌డీయే అని మనం ఖాయం చేసేస్తాం. అసలు అక్కడ ఎవరూ దేన్నీ వెతకలేదు.

ఉత్తరం ఎలా ఉంటే పని జరుగుతుందో ఒక బాబు విషయంలో చెబుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఇద్దరు ముగ్గురు పిల్లల వివరాలు కలిపాను. ఎనిమిదేళ్లవాడు, మూడో తరగతి. ఉన్నచోట కూర్చోడు, బోర్డు మీది లెక్క సగంలో వదిలేస్తాడు, రెండుసార్లు పిలిస్తే గానీ పలకడు అని క్లాస్ టీచర్ రాసి పంపారు. వాండర్‌బిల్ట్ అనే ప్రశ్నావళి ఇస్తే, అందులో ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది ప్రశ్నల్లో ఏడింటికి ఆమె 'తరచుగా' అనో 'చాలా తరచుగా' అనో టిక్కు పెట్టారు. ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుమానించాలి. ఇంట్లో తల్లి నింపిన కాగితం కూడా ఇంచుమించు అలాగే ఉంది. అంకెలు మాత్రమే చూస్తే ఏడీహెచ్‌డీ అని రాసేయొచ్చు. కానీ ఆ కాగితం పిల్లవాడు ఏం చేస్తున్నాడో లెక్కపెడుతుంది, ఎందుకు చేస్తున్నాడో చెప్పదు. ఈ లక్షణాలకు మరో కారణం ఉంటే ఆ పేరు పెట్టకూడదని ఏడీహెచ్‌డీ నిర్ధారణ నియమాల్లోనే ఉంది.

నన్ను ఆపింది రెండు మాటలు. "ఒకటో తరగతిలో బాగానే ఉండేవాడండీ, పోయినేడాది నుంచే ఇలా" అంది తల్లి. ఏడీహెచ్‌డీ సాధారణంగా చిన్నప్పటి నుంచీ కనిపిస్తూ వస్తుంది. ఉన్నట్టుండి మారిన పిల్లవాడి విషయంలో మారినదేమిటో ముందు వెతకాలి. రెండోది, రాత్రి ఎలా పడుకుంటాడు అని అడిగినప్పుడు వచ్చింది. "గురక పెడతాడండీ, అచ్చం వాళ్ల నాన్నే" అని ఆమె నవ్వింది. మన ఇళ్లల్లో పిల్లల గురకను ముద్దుగానే చూస్తారు. నోరు తెరుచుకుని పడుకుంటాడా? అవును. మెడ వెనక్కి వాల్చి? అవును. చెమట? దిండు తడిసిపోతుంది. మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలైందా? ఆమె నవ్వు ఆగిపోయింది. "అదెలా తెలిసిందండీ?"

ముక్కు వెనక ఎడినాయిడ్స్, గొంతులో టాన్సిల్స్ పెరిగి దారి ఇరుకైతే, నిద్రలో ఊపిరి కాసేపు ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి సగం మేల్కొని మళ్లీ ఊపిరి అందుకుంటుంది. రాత్రంతా ఇదే తంతు, పిల్లవాడికి పొద్దున ఏదీ గుర్తుండదు. ఇలా నిద్ర చెడిన పెద్దవాళ్లు పగలు కునికిపాట్లు పడతారు. పిల్లల్లో చాలామంది అందుకు భిన్నంగా గెంతుతారు, చిరాకుపడతారు, ఏ పనిమీదా నిలవరు. క్లాసులో అది ఏడీహెచ్‌డీలాగే కనిపిస్తుంది.

గురక మొదలయ్యాక రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీయమని తల్లికి చెప్పాను. ఛాతీ కనిపించేలా, చొక్కా తీసి, లైటు వేసి. అందులో గురక ఠక్కున ఆగుతుంది. ఛాతీ మాత్రం లోపలికి లాక్కుంటూ కదులుతూనే ఉంటుంది, గాలి ఆడదు. కొన్ని సెకన్ల తర్వాత ఒక్క గుటకలాంటి శబ్దంతో ఊపిరి వస్తుంది, వాడు పక్కకు దొర్లుతాడు.

అప్పుడు రాసిన ఉత్తరం సారాంశం ఇది:

"డాక్టర్ గారికి నమస్కారం. ఎనిమిదేళ్ల ఈ బాబు బడిలో ఏకాగ్రత లేదన్న ఫిర్యాదుతో వచ్చాడు. మార్పు ఏడాదిగా మాత్రమే ఉంది. టీచర్, తల్లి నింపిన స్కోర్లు జతచేశాను. ఏడీహెచ్‌డీ అని నేను ఇంకా తేల్చలేదు, తల్లిదండ్రులకూ అలా చెప్పలేదు. రోజూ గురక, నిద్రలో ఊపిరి ఆగడం, చెమట, మళ్లీ మొదలైన పక్కతడుపు ఉన్నాయి. తల్లి ఫోన్లోని వీడియో దయచేసి చూడండి. ముక్కు, గొంతు దారిలో అడ్డు ఉందా? పిలిస్తే పలకకపోవడం వినికిడి వల్ల కావచ్చా? తిండి సరిగా లేదు, పడుకున్నా కాళ్లు కుదురుగా ఉండవంటున్నారు కనుక ఐరన్ నిల్వలు చూడటం అవసరమంటారా? జలుబుకు తరచూ వాడే సిరప్‌ల సీసాలు తెమ్మన్నాను, వాటి ప్రభావం ఏమైనా ఉందా? ఏ పరీక్షలు కావాలో మీ నిర్ణయం. మీ జవాబు చూశాకే నా రిపోర్టు రాస్తాను."

సీసాల సంగతి చిన్నదేమీ కాదు. జలుబు సిరప్‌లలో మత్తు కలిగించే మందులుంటాయి. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ కొందరు పిల్లల్ని నిలవనివ్వదు. మందులషాపులో అడిగి తెచ్చిన సీసా డాక్టరు చీటీలో ఉండదు, అందుకే సీసానే తెమ్మంటాను.

ఈఈజీ అడగలేదు. ఏడీహెచ్‌డీని తేల్చే ఈఈజీ గానీ, రక్తపరీక్ష గానీ లేదు. మాట మధ్యలో ఆగిపోయి, తట్టినా పలకకుండా కొన్ని సెకన్లు చూపు నిలిపి, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగించే పిల్లవాడైతే వేరు. అది ఒక రకం మూర్ఛ కావచ్చు, అప్పుడు ఉత్తరంలో మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఈ బాబులో అలాంటిది కనిపించలేదు. కనిపించని దానికి పరీక్షలు అడిగితే తల్లిదండ్రుల డబ్బు పోతుంది, అసలు ప్రశ్న ఆ జాబితాలో మునిగిపోతుంది.

ఉత్తరాన్ని కవరులో పెట్టి అంటించి ఇవ్వను. తల్లిదండ్రులకు చదివి వినిపించి చేతికిస్తాను. "డాక్టర్ దగ్గరికి పంపుతున్నారంటే పెద్ద జబ్బేమోనండీ" అన్నాడు తండ్రి. కారణం తెలిస్తే పేరు సరిగ్గా పెట్టొచ్చు, మందు కూడా సరైనదే ఇవ్వొచ్చని చెప్పాను.

జవాబు వివరంగా వచ్చింది. టాన్సిల్స్ దాదాపు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఈఎన్‌టీకి పంపితే ఎక్స్‌రేలో ఎడినాయిడ్స్ దారిని చాలావరకు మూసేశాయని తేలింది. వాటివల్లే కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి కొంచెం తగ్గింది. హిమోగ్లోబిన్ ఫర్వాలేదు గానీ ఫెరిటిన్ 14 మాత్రమే. రక్తం బాగున్నట్టు కనిపిస్తూనే ఐరన్ నిల్వలు అడుగంటడం అంటే ఇదే. ఐరన్ డాక్టరే డోసు కట్టి ఇచ్చారు. కొన్ని వారాల తర్వాత ఆపరేషన్ చేసి టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసేశారు.

ఇక్కడే కథ అయిపోయిందనుకోకూడదు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందితో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగిలినవాళ్లను ఏడు నెలలు గమనిస్తూ ఆగారు. ఆపరేషన్ అయినవాళ్లలో నిద్ర, ప్రవర్తన స్పష్టంగా మెరుగయ్యాయి. కానీ కూర్చోబెట్టి పెట్టిన ఏకాగ్రత పరీక్షలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆగి చూసినవాళ్లలోనూ సగానికి కాస్త తక్కువమందికి నిద్ర పరీక్ష దానంతటదే సర్దుకుంది. కాబట్టి గురక దొరికినంత మాత్రాన ఏడీహెచ్‌డీ లేదని కాదు. రెండూ ఒకే పిల్లవాడిలో ఉండొచ్చు.

ఆపరేషన్ అయిన ఆరు నెలలకు అదే టీచర్‌కు అదే కాగితం పంపాను. ఏడు టిక్కులు నాలుగయ్యాయి. పక్కతడుపు ఆగింది, ఒక్కసారి పిలిస్తే పలుకుతున్నాడు. పుస్తకాలు మరిచిపోవడం మాత్రం అలాగే ఉంది. "అయితే ఏడీహెచ్‌డీ లేనట్టేనాండీ?" అని తల్లి అడిగింది. ఇప్పుడు ఆ పేరు పెట్టే ఆధారం నా దగ్గర లేదని చెప్పాను. వచ్చే ఏడాది కొత్త టీచర్ వస్తారు. రెండు నెలలు గడిచాక ఆమెకూ ప్రశ్నావళి పంపుతాను. నిద్ర బాగుండి, చెవి బాగుండి, ఫెరిటిన్ పెరిగి, అప్పటికీ బడిలో, ఇంట్లో టిక్కులు ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, పాత బడి రిపోర్టులు మళ్లీ తిరగేసి, డాక్టరు గారికి రెండో ఉత్తరం రాస్తాను.