ఒక హెచ్ ఎక్కువైంది

దరఖాస్తు ఫారంలో ఎన్ని గడులున్నా, వాటిలో చేసిన తప్పు చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు మన దగ్గరికే తిరిగొస్తుంది. ఫొటో సైజు పెద్దదైతే ఫారం అక్కడికక్కడే తీసుకోదు. పుట్టిన తేదీ తేడాగా ఉంటే సర్టిఫికెట్ల పరిశీలనలో పట్టుబడుతుంది. మెయిల్ ఐడీ గడిలో పడిన తప్పు మాత్రం అలా తిరిగి రాదు. అప్లికేషన్ నంబరు వస్తుంది, ఫీజు రసీదు వస్తుంది, ప్రింటు చేతికొస్తుంది. అన్నీ సవ్యంగానే ఉన్నట్టుంటాయి. అవతలివాళ్లు పిలుస్తారు, ఇవతల మనకు వినపడదు. వినపడలేదన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

మా బంధువుల అమ్మాయి ఒకతె ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఒక పరిశోధన ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్ పోస్టుకు దరఖాస్తు పెట్టింది. ఇలాంటి ప్రాజెక్టు పోస్టుల ప్రకటనల్లో చివర తరచూ ఒక మాట ఉంటుంది: ఎంపిక చేసినవారికి మాత్రమే ఈ-మెయిల్ ద్వారా తెలియజేస్తాం, వేరే ఉత్తరాలు ఉండవు అని. ఆ అమ్మాయి ఊళ్లో లేకపోవడంతో తమ్ముడు నెట్ సెంటర్‌కు వెళ్లాడు. ఆమె ఫోన్‌లో చెబుతుంటే అతను వింటూ చెప్పాడు, ఆపరేటర్ కొట్టాడు. ఆమె పేరులో ‘త’ ఉంది. వాళ్ల నాన్నగారి ఉద్యోగం అప్పట్లో నాగపూర్‌లో కావడం వల్ల బడిలో ఆ అక్షరాన్ని `t` అని రాయించారు. పదో తరగతి మెమోలోనూ, మెయిల్ ఐడీలోనూ అలాగే ఉంది. మన ఆపరేటర్లకు ‘త’ అంటే `th`. పేరు వినగానే వేళ్లు వాటంతటవే హెచ్ కొట్టేశాయి.

ఆ అమ్మాయి రోజూ ఇన్‌బాక్స్ చూసుకుంది, స్పామ్ కూడా చూసుకుంది. ఎంపికైనవాళ్ల జాబితా వెబ్‌సైట్‌లో పెట్టాక ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడి ఉద్యోగి ఓపిగ్గా, పంపిన మెయిళ్లు తెరిచి చూసి, ‘‘పంపామమ్మా. ఇంటర్వ్యూ తేదీ కూడా అందులోనే ఉంది. వెనక్కి కూడా రాలేదు’’ అన్నారు.

వెనక్కి కూడా రాలేదు. అసలు సంగతి అక్కడే ఉంది. మనలో చాలామంది తప్పు చిరునామాకు వెళ్లిన మెయిల్ పోస్టు కవరులాగా తిరిగొస్తుందనుకుంటారు. ఆ చిరునామా అసలు లేనప్పుడే అది నిజం. మెయిల్ పంపే సర్వరు, అందుకునే సర్వరును ఆ పేరుతో పెట్టె ఉందా అని అడుగుతుంది. లేకపోతే అవతలి నుంచి `550 5.1.1` లాంటి సంకేతం వస్తుంది. అప్పుడు మెయిల్ పంపినవారికి `Mail Delivery Subsystem` పేరుతో, `Address not found` అన్న తిరుగుటపా అందుతుంది. అందేది పంపినవారికి, దరఖాస్తు పెట్టినవారికి కాదు. పంపింది మనిషి కాక `no-reply` అని మొదలయ్యే చిరునామా అయితే, ఆ తిరుగుటపాను తెరిచి చూసేవాళ్లు అక్కడ సాధారణంగా ఉండరు.

ఈ అమ్మాయి విషయంలో అదీ జరగలేదు. హెచ్ చేర్చిన చిరునామా కూడా నిజంగా ఉంది. అదే పేరున్న మరో అమ్మాయిది అయుంటుంది. మెయిల్ పద్ధతిగా వెళ్లి ఆమె పెట్టెలో పడింది. ఆమెకు అది ఏ దరఖాస్తో తెలియదు, పట్టించుకోలేదు. సాంకేతికంగా చూస్తే ఎక్కడా ఏ పొరపాటూ లేదు. స్వాతి అని `swathi`, `swati`. లక్ష్మి అని `lakshmi`, `laxmi`. శ్రావణి అని `sravani`, `shravani`. మన పేర్లకు ఇంగ్లిషులో ఇన్ని రూపాలున్నప్పుడు, ఒక అక్షరం జారితే ఖాళీ చోట పడటం కంటే మరొకరి ఇంట్లో పడటానికే అవకాశం ఎక్కువ.

@ తర్వాత భాగంలో తప్పు మరో రకం. `gmail.con` అని కొడితే అలాంటి ముగింపే ఇంటర్నెట్‌లో లేదు కాబట్టి మెయిల్ ఎక్కడికీ పోదు. చాలా ఫారాలు దాన్ని కూడా మారుమాట లేకుండా తీసుకుంటాయి. ఎందుకంటే అవి చూసేది మధ్యలో @ ఉందా, తర్వాత చుక్క ఉందా అని మాత్రమే. `.co` మాత్రం నిజంగా ఉన్న ముగింపు, కొలంబియా దేశానిది. పేరున్న డొమైన్లకు దగ్గరగా ఉండే తప్పు స్పెల్లింగులను కొందరు కావాలనే కొనిపెట్టుకుంటారు, వాటికొచ్చిన మెయిళ్లను పోగుచేసుకునేవాళ్లూ ఉన్నారు. అమెరికా సైన్యం చిరునామాలు `.mil` తో ముగుస్తాయి. ఒక అక్షరం వదిలి `.ml` అని కొట్టడం వల్ల ఏళ్ల తరబడి లక్షల మెయిళ్లు ఆఫ్రికాలోని మాలీ దేశపు డొమైన్ వైపు వెళ్లాయని 2023లో ఫైనాన్షియల్ టైమ్స్ బయటపెట్టింది. అంత పెద్ద వ్యవస్థలోనే ఇలా జరిగితే, చివరి రోజు రాత్రి నెట్ సెంటర్‌లో క్యూ కట్టినవాళ్ల సంగతి చెప్పాలా?

అందుకే మెయిల్ ఐడీ పెట్టుకునేటప్పుడు నేను పిల్లలకు ఒకే పరీక్ష చెబుతాను. దాన్ని ఫోన్‌లో కొత్తవాళ్లకు ఒక్కసారి చెప్పి, తిరిగి చదివించుకోండి. తడబడ్డారంటే ఆ ఐడీ పనికిరాదు. పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగే వాడాలి, అందంగా ఉంటుందని ఇంకో `y` తగిలించకూడదు. పేరు దొరక్కపోతే అంకెలు తోచినట్టు చేర్చడం కంటే ఇంటిపేరు పూర్తిగా చేర్చడం మేలని నా అభిప్రాయం. అంకెల్లో సున్నాకూ `o` కూ, ఒకటికీ `l` కూ తేడా ప్రింటులో తెలియదు. జీమెయిల్ పేరుకు 30 అక్షరాల దాకా చోటిస్తుంది, మన పొడవైన ఇంటిపేర్లు కూడా అందులో పడతాయి. అండర్‌స్కోర్‌ను జీమెయిల్ ఎలాగూ ఒప్పుకోదు, వేరే సంస్థల మెయిల్‌లో ఒప్పుకున్నా పెట్టుకోవద్దంటాను. చిరునామా కింద గీత వచ్చిందంటే ఆ గీతలో అండర్‌స్కోర్ కలిసిపోయి, చూసేవాళ్లకు ఖాళీలాగా కనిపిస్తుంది.

చుక్క గురించి మాత్రం చాలామంది అనవసరంగా భయపడతారు. `@gmail.com` చిరునామాల్లో పేరు మధ్య చుక్క ఉన్నా లేకపోయినా మెయిల్ ఒకే పెట్టెకు వస్తుంది. కానీ ఇది జీమెయిల్ పద్ధతి. కాలేజీ, ఆఫీసు మెయిళ్లలో చుక్క తేడా వస్తే చిరునామాయే వేరు. ఆ కాలేజీ మెయిల్‌ను దరఖాస్తులకు ఇవ్వడం మరో చిక్కు. చదువు ముగిశాక దాన్ని ఎప్పుడు ఆపేస్తారో తెలియదు, నియామకాలేమో ఏడాది దాటి కూడా సాగుతుంటాయి.

ఐడీ బాగానే ఉన్నా పెట్టె మనది కాకపోతే ఫలితం ఒకటే. నెట్ సెంటర్‌లో ‘‘మెయిల్ లేదన్నా’’ అనగానే ఆపరేటర్ తన షాపు మెయిలే ఇచ్చేస్తాడు. అది సాయం చేయాలనే. ఓటీపీ అక్కడికే వస్తుంది, పని చకచకా అయిపోతుంది. నాలుగు నెలల తర్వాత కాల్ లెటర్ మెయిల్ కూడా అక్కడికే వస్తుంది, అలాంటివే మరో యాభై మందివి దాని పైనా కిందా ఉంటాయి. పాస్‌వర్డ్ మరిచిపోతే రీసెట్ లింకూ షాపుకే పోతుంది. ఈ మధ్యలో షాపు మూతపడితే ఇక అంతే.

ఇంట్లో నాన్న మెయిల్‌ను అక్కాతమ్ముళ్లిద్దరూ వాడుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇంకా సున్నితమైనది. కొత్త మెయిల్ లావు అక్షరాల్లో ఉంటుంది, ఎవరో ఒకరు తెరవగానే మామూలు అక్షరాల్లోకి మారిపోతుంది. తమ్ముడు తన హాల్ టికెట్ కోసం వెతుకుతూ అక్కకు వచ్చినదాన్ని తెరిచి మూసేస్తాడు. ఆ తర్వాత అక్క చూస్తే కొత్తదంటూ ఏమీ కనపడదు. పైగా నాన్న ఫోన్‌లోని ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే సర్దుకోవాలి. అది నిండితే కొత్త మెయిళ్లు లోపలికి రావు.

బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ ఈ విషయం నోటిఫికేషన్‌లోనే రాస్తుంది. అభ్యర్థికి సొంత మెయిల్ ఐడీ ఉండాలని, నియామక ప్రక్రియ ముగిసేదాకా అది పనిచేస్తుండాలని, ఎట్టి పరిస్థితుల్లోనూ వేరొకరిది ఇవ్వకూడదని ఉంటుంది. లేకపోతే ముందు కొత్తది తెరుచుకొని ఆ తర్వాతే దరఖాస్తు పెట్టమంటుంది. పేజీలకు పేజీలున్న ఆ నోటిఫికేషన్‌లో వయసు, ఫీజు, సిలబస్ చూసి మిగతాది వదిలేస్తాం.

ఫారం పంపేశాక చేయాల్సిన పని ఒకటుంది, దానికి రెండు నిమిషాలు చాలు. ‘మెయిల్ మళ్లీ కొట్టండి’ అనే రెండో గడిని నమ్ముకోవద్దు, చాలామంది మొదటి గడిలోదే కాపీ చేసి అతికిస్తారు, తప్పుతో సహా. బ్రౌజరు కూడా ఎప్పుడో కొట్టిన తప్పు ఐడీని గుర్తుపెట్టుకొని ప్రతి ఫారంలోనూ తనంతట తానే నింపుతుంది. అందుకని డౌన్‌లోడ్ చేసుకున్న అప్లికేషన్ పీడీఎఫ్‌లోంచి మెయిల్ ఐడీని కాపీ చేసి, వేరొకరి మెయిల్ నుంచి ఆ చిరునామాకు ఒక మాట రాసి పంపాలి. మళ్లీ చేత్తో కొడితే మన వేళ్లు సరైనదే కొడతాయి, తప్పు బయటపడదు. వెళ్లిన మెయిల్ మన పెట్టెలో కళ్లముందు కనపడాలి. వెనక్కి రాకపోవడం రుజువు కాదు.

కనపడకపోతే ఏం చేయాలి? సవరణకు గడువుంటే అదే దారి. లేకపోతే సరైన మెయిల్ నుంచి, అప్లికేషన్ నంబరు వేసి, ఆ ఆఫీసుకు రాయాలి. పంపిన పరీక్ష మెయిల్ `Address not found` అని తిరిగొచ్చి, అది జీమెయిల్ చిరునామాయే అయి, తప్పు @ కి ముందున్న పేరులోనే ఉంటే మరో ఉపాయం ఉంది. ఆ చిరునామా ఎవరిదీ కాదన్నమాట. జీమెయిల్‌లో కొత్త ఖాతా తెరుస్తూ అదే తప్పు స్పెల్లింగును అడిగి చూడండి. దొరికితే అది మీదే, ఆ తర్వాత దానికొచ్చే మెయిళ్లన్నీ మీకే వస్తాయి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ పెట్టుకుంటే రోజూ రెండు పెట్టెలు చూసుకోనక్కర్లేదు. ఒకప్పుడు ఎవరో వాడి తీసేసిన పేరైతే గూగుల్ మళ్లీ ఇవ్వదు. దొరికినా, అంతకుముందు వెనక్కిపోయిన మెయిళ్లు మాత్రం రావు. ఈలోపు ఏమైనా పంపారా అని ఆఫీసును అడగడం ఎలాగూ తప్పదు.