రెండు ఫొటోల మధ్య పన్నెండు వారాలు

ఒక జిమ్ ట్రైనర్ తన దగ్గర చేరిన ఒకాయన ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టాడు. ఎడమ వైపు 84 కిలోలు, కుడి వైపు 78. మధ్యలో 12 వారాలు. ఇలాంటి పోస్టులు రోజూ చూస్తూనే ఉంటాం. దీని దగ్గర మాత్రం కాసేపు ఆగాలి.

ముందు నేల చూడండి. టైల్స్ మీద అంటించిన టేపు ముక్క రెండింట్లోనూ ఒకే చోట ఉంది. ఆయన దాని మీదే నిలబడ్డాడు. కిటికీ వెలుగు అదే పక్క నుంచి, కెమెరా అదే బొడ్డు ఎత్తులో, ఒంటి మీద అదే నల్ల నిక్కరు. పొట్ట బిగించలేదు, వదిలేయనూ లేదు. చాదస్తంలా ఉందా? పనితనమంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే పిసరంత కొవ్వు కరగకుండానే మనిషిని ఒక్క రాత్రిలో మార్చి చూపించొచ్చు. భోజనమయ్యాక పొట్ట వదిలి, భుజాలు వాల్చి, ఎదురు వెలుగులో ఒక ఫొటో తీయాలి. పొద్దున్నే పరగడుపున నాలుగు పుషప్‌లు కొట్టించి, పొట్ట లోపలికి లాగించి, నడినెత్తిన లైటు పెట్టి ఇంకోటి తీయాలి. పై వెలుగు కండల కింద నీడలు గీస్తుంది, ఎదురు వెలుగు వాటిని చెరిపేస్తుంది.

బరువు రాయడంలోనూ అంతే జాగ్రత్త. తిన్న ఉప్పును, తాగిన నీళ్లను బట్టి బరువు ఒక రోజుకూ మరో రోజుకూ కిలో తేడా రావడం మామూలే. అందుకే చేరడానికి ముందు వారం, చివరి వారం ఏడేసి ఉదయాల సగటు వేశాడు. మొదటి వారంలోనే పోయిన కిలోన్నరను విడిగా రాసి, అందులో ఎక్కువ భాగం నీరేనన్నాడు. నిజమే. అన్నం తగ్గించగానే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరూ పోతుంది. ఇక మిగిలింది 11 వారాల్లో నాలుగున్నర కిలోలు, అంటే వారానికి 400 గ్రాములు. ఇంకొకరైతే ఆ మొదటి వారాన్నే పట్టుకుని "ఏడు రోజుల్లో కిలోన్నర" అని బ్యానర్ కట్టేవారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చివరి వాక్యం. ఆ బ్యాచ్‌లో ఎనిమిది మంది చేరారని, ఇద్దరు మానేశారని, మిగతావాళ్లు 2 నుంచి 6 కిలోలు తగ్గారని, అందరిలో ఎక్కువ తగ్గింది ఈయనేనని రాశాడు. మామూలుగా ఈ చోట "ఫలితాలు వ్యక్తిని బట్టి మారవచ్చు" అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అమెరికాలో ఎఫ్‌టీసీ ఆ మాట ఒక్కటే చాలదని, మామూలుగా ఎంత ఫలితం వస్తుందో చెప్పాలని 2009లోనే తేల్చింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

ఒక్క చోట చెయ్యి జారింది. ఎడమ ఫొటోలో ఆయన ముభావంగా ఉన్నాడు, కుడి ఫొటోలో నవ్వుతున్నాడు. ఆ నవ్వే రెండు కిలోలు అదనంగా తగ్గించి చూపిస్తోంది. మెడ కింద నుంచి మాత్రమే చూపించి ఉంటే ఈ పోస్టులో వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.