తోడు

అమ్మా, ఇవాళ మే నెల రెండో ఆదివారం. ఇక్కడ మెల్‌బోర్న్‌లో మా వీధి మలుపున పూలకొట్టు ముందు తెల్లచామంతుల బకెట్లు వరసగా పెట్టారు. ఈ దేశంలో అమ్మల పండగకి తెల్లచామంతులు ఇవ్వడం ఆనవాయితీ. చామంతి మనకి చలికాలపు పువ్వు. వీళ్ళకీ అంతే, కాకపోతే వీళ్ళ చలి మే నెలలో మొదలవుతుంది. నీకు అక్కడ గుడివాడలో డాబా మీద కాలు పెట్టలేని ఎండ. నాకు ఇక్కడ వంటింట్లో మేజోళ్ళు లేకుండా నిలబడలేని చలి. ఒకే ఆదివారం, ఇద్దరి గిన్నెల్లోనూ పాలే. నీ పాలు తొందరపడి పులిసిపోతాయి. నా పాలు తెల్లారినా పాలుగానే ఉండిపోతాయి.

పువ్వులు కొనలేదమ్మా. పాలు కొన్నాను.

నీ వంటిల్లు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది పండగ వంటలు కావు. రాత్రి భోజనాలయ్యాక, గట్టు తుడిచేశాక, లైటు ఆర్పే ముందు నువ్వు చేసే ఆ చివరి పని. సాయంత్రం సన్నని సెగ మీద కాగి, మూత వారగా పెట్టుకుని చల్లారుతున్న గేదెపాలు. మూత తీస్తే పైన మడతలు పడిన మీగడ. ఆ మీగడని ఒక పక్కకి జరిపి, చిటికెన వేలు పాలలో ముంచి, నువ్వు ఒక్క క్షణం కదలకుండా నిలబడేదానివి. దూరంగా ఎవరో పిలుస్తుంటే చెవి ఒగ్గి వింటున్నట్టు ఉండేది నీ మొహం. చురుక్కుమనకూడదు, చల్లగానూ తగలకూడదు. సరే అనిపిస్తే చెంచాడు పెరుగు వేసి, గిన్నెలోంచి గిన్నెలోకి రెండుసార్లు తిరగబోసి, మూతపెట్టి, "ఇంక దాన్ని ఎవరూ కదపకండి" అనేదానివి. ఆ మాటతో మా ఇంట్లో రాత్రి మొదలయ్యేది.

పొద్దున్నే గిన్నె వంచితే జారని గడ్డపెరుగు. కానీ ఎవరి కంచంలోనూ పడకముందు నువ్వు ఓ మూల నుంచి చెంచాడు తీసి బొటనవేలంత లోతున్న చిన్న స్టీలు గిన్నెలో దాచేదానివి. అది రేపటి తోడు. నేను ఎంత ఆకలితో ఉన్నా, నాన్న ఆఫీసుకి ఎంత ఆలస్యమవుతున్నా ముందు అదే. నువ్వు పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో అక్కడి పెరుగు నచ్చక, అమ్మమ్మ దగ్గర నుంచి తోడు బస్సులో తెచ్చుకున్నావట, ఒళ్ళో పెట్టుకుని, కుదుపులకి గుండె ఝల్లుమంటుంటే. అమ్మమ్మ పాలు దాలిలో కాగేవి. పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మట్టికుండలో ఎర్రగా మగ్గేవి. ఆ పెరుగులో కాస్త పొగవాసన, కాస్త తీపి. నీ వంటింట్లోకి గ్యాసు వచ్చింది, స్టీలు వచ్చింది, పొగవాసన పోయింది. ఒక పెరుగులోంచి ఇంకో పెరుగు పుడుతూ తోడు మాత్రం సాగుతూనే ఉంది.

నేను బయలుదేరేటప్పుడు పలచటి నూలుగుడ్డ పెరుగులో ముంచి నీడన ఆరబెట్టి ఇస్తానన్నావు. గుర్తుందా? అక్కడికెళ్ళి గోరువెచ్చని పాలలో ఆ గుడ్డముక్క వేస్తే చాలు, రెండు మూడు సార్లు తోడేసేసరికి మన పెరుగు మనకి వస్తుందన్నావు. పశువుల గాలికుంటు వ్యాధి ఉన్న దేశాల నుంచి పాల సరుకు వెంట తెచ్చుకోవడానికి ఆస్ట్రేలియాలో ఒప్పుకోరు, అందులో మనదీ ఉంది. వీళ్ళ మందల్ని వీళ్ళు కాపాడుకుంటున్నారు, అందులో తప్పేమీ లేదు. వద్దని చెప్పాను. నువ్వు ఆ గుడ్డని మడిచి మళ్ళీ అల్మారాలో పెట్టేశావు. అమ్మమ్మ నుంచి నీకు వచ్చిన తోడు నా దగ్గరికి రాకుండా అక్కడ ఆగిపోయింది. ఆ మడత నాకిప్పటికీ కళ్ళముందు కనిపిస్తుంది.

ఇక్కడ మా పై అంతస్తులో ఉండే గుజరాతీ పెద్దావిడ దగ్గర తోడు తెచ్చుకున్నాను. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వకూడదని వాళ్ళూ నీలాగే పట్టింపుగా ఉంటారు. ఈ నెలలో ఇక్కడ సాయంత్రం అయిదుంబావుకే పొద్దు గూకుతుంది. ఆఫీసు నుంచి పరుగున వచ్చి, ఇంకా ఆకాశం ఎర్రగా ఉండగానే చిన్న గిన్నెతో వాళ్ళ తలుపు కొట్టాను.

మొదటి రోజు పాలు తోడుకోలేదు. రెండో రోజు ఇంకో చెంచా ఎక్కువ వేశాను. ముద్దగా కాకుండా, పులుపెక్కి, పైన పచ్చని నీళ్ళు తేలాయి. ఫోన్లో చూపిస్తే నువ్వు ఒకే ప్రశ్న అడిగావు. "కాచావా, వెచ్చబెట్టావా?" ప్యాకెట్టు పాలేగా, ఒకసారి వేడిచేసినవేగా అని వెచ్చబెట్టి ఊరుకున్నానమ్మా. పాలు పొంగొచ్చాక మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు సన్నగా మరగనివ్వాలన్నావు. ఎందుకో నువ్వు చెప్పలేదు, నేను చదివి తెలుసుకున్నాను. బాగా మరిగితే పాలలోని ఒక రకం మాంసకృత్తులు విచ్చుకుని, పెరుగుని నిలబెట్టే కేసీన్‌కి అల్లుకుంటాయి. ఆ అల్లిక బిగువుగా ఉంటే నీరు లోపలే ఉండిపోతుంది. లేకపోతే పైకి తేలుతుంది. అలా తేలిన నీళ్ళని చూసే నువ్వు కాచలేదని పట్టేశావు.

మూడోసారి కాచాను. తోడుకుంది కానీ చెంచా ఎత్తితే తీగలా సాగింది, జిగురుగా. ఈసారి నువ్వు అడిగింది వేరు. "గిన్నె ఎక్కడ పెట్టావు?" గట్టు మీదే. మా వంటిల్లు రాత్రి పదహారు డిగ్రీలు. ఆ చలిలో పెరుగు నీరసంగా, గంటల తరబడి ఈడ్చుకుంటూ తోడుకుంటే అలా జిగురొచ్చే సూక్ష్మజీవులదే పైచేయి అవుతుంది. ఆ పెరుగుని మళ్ళీ తోడుకి వాడొద్దన్నావు, దాని బుద్ధే రేపటి పెరుగుకీ వస్తుందన్నావు. గిన్నె మరిగే నీళ్ళతో కడిగి, కొత్త తోడు తెచ్చుకుని, పాలగిన్నెని బియ్యం డబ్బాలో మెడదాకా పాతిపెట్టమన్నావు. బియ్యం వెచ్చదనాన్ని తొందరగా వదలదని నీకు ఏ పుస్తకం చెప్పింది? వర్షాకాలంలో అమ్మమ్మ కుండని ఊకలో పెట్టేదట.

మీగడ మాత్రం రాలేదు. ఎంత కాచినా, ఎంత ఆర్చినా పైన ఒక పలచటి పొర, అంతే. ఇక్కడి పాలలో వెన్న రేణువుల్ని యంత్రాల్లో చిన్నచిన్న ముక్కలు చేసి పాలంతా కలిసిపోయేలా చేస్తారు. ఇంక అవి విడివడి పైకి తేలవు. మీగడ కోసం నేను, తమ్ముడు కంచాల దగ్గర పడిన పోట్లాటలు, నువ్వు చెంచాతో దాన్ని సరిగ్గా రెండు ముక్కలు చేయడం, నీకు మిగలకపోవడం. అది అప్పుడు చూడలేదమ్మా. నీ పెరుగన్నం మీద మీగడ నేను ఒక్కనాడూ చూడలేదని ఈ మీగడలేని గిన్నె ముందు నిలబడ్డాక తెలిసింది.

పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నాతో వంటింటి థర్మామీటరు తెచ్చాను. నువ్వు వేలు ముంచి "ఇప్పుడు" అన్న క్షణంలో దాన్ని పాలలో పెట్టాను. నలభై రెండు. మర్నాడు మళ్ళీ పెట్టాను. నలభై మూడు. పెరుగు సూక్ష్మజీవులకి బాగా నచ్చే వేడి సరిగ్గా అదే. నువ్వు ఆ అంకె వంక చూసి, "ఎండాకాలంలో ఇంకా చల్లారనివ్వాలి, తోడు చెంచాలో సగమే వెయ్యాలి" అని నీ పనిలో పడిపోయావు. రాత్రి గాలి వేడిని, ఋతువుని, గిన్నె మందాన్ని, పొద్దున ఎవరు ఎన్నింటికి తింటారో దాన్ని, అన్నిటినీ కలిపి ఆ చిటికెన వేలు లెక్కకట్టేది.

పెరుగుని పెరుగు చేసేవి ముఖ్యంగా రెండు రకాల సూక్ష్మజీవులని చదివాను. వాటిలో ఒకదాన్ని 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా విద్యార్థి గుర్తించాడు. ఈ రెండూ విడిగా బతకగలవు గానీ నెమ్మదిగా పెరుగుతాయి. కలిసి ఉంటే గ్రిగొరోవ్ గుర్తించినది పాల మాంసకృత్తుల్ని విడగొట్టి రెండోదానికి ఆహారం అందిస్తుంది, రెండోది దానికి కావలసినది విడుదల చేస్తుంది. ఒకదానికొకటి తోడు. మన భాష ఆ చెంచాడు పెరుగుకి ఆ పేరే ఎందుకు పెట్టుకుందోనని ఆ రాత్రి చాలాసేపు కూర్చుని ఆలోచించాను.

అదే సంక్రాంతికి ఇంకోటి చూశాను. నీ పాలగిన్నె మారిపోయింది. మేం చదువుకునే రోజుల్లో రెండు లీటర్లు పట్టే మూతగిన్నె. తమ్ముడు హాస్టలుకి వెళ్ళాక లీటరు గిన్నె. నేను వచ్చేశాక అర లీటరు. నాన్న వెళ్ళిపోయిన తర్వాత చేతిలో ఇమిడిపోయే పావు లీటరు గిన్నె. ఏ ఫోటో ఆల్బములోనూ లేనిది ఆ గట్టు మీద గిన్నెల వరసలో ఉందమ్మా. పావు లీటరుకి తోడు ఎంత వేస్తావని అడిగాను. చెంచా కొనతో అంటించి చూపించావు.

ఈ రాత్రి లీటరు పాలు పది నిమిషాలు సన్నసెగ మీద మరగనిచ్చాను. తిరగబోశాను. థర్మామీటరు సొరుగులోంచి తీయలేదు. వేలు ముంచి నిలబడ్డాను. ఒకసారి చురుక్కుమంది, ఆగాను. మళ్ళీ ముంచాను. పాలెక్కడ ఉన్నాయో వేలెక్కడ ఉందో తెలియనంత వెచ్చగా అనిపించాక తోడు వేశాను. గిన్నెని బియ్యంలో పాతి, చుట్టూ చేత్తో బియ్యం సర్ది, మీద పాత శాలువ కప్పాను.

అప్పుడు నీకు ఫోను చేశాను. ఇక్కడ రాత్రి పది, నీకు సాయంత్రం అయిదున్నర, ఇంకా ఎండ తగ్గలేదన్నావు. మదర్స్ డే అమ్మా అంటే "మంచిది తల్లీ, తోడేశావా?" అన్నావు. వేశానన్నాను. "వేలు పెట్టి చూశావా?" చూశానన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నీకింకా పాలు కాచే పని ఉంది, నన్ను పడుకోమన్నావు.

"ఎన్ని పాలమ్మా?"

"ఇవాళ లీటరు పోయించుకున్నాను. పక్కింటి వాళ్ళ మనవలు సెలవలకి దిగారు. పొద్దున్నే గిన్నెలు పట్టుకొచ్చేస్తున్నారు, మామ్మగారూ మీ పెరుగన్నం, మీ రసాలు అని. మీగడ దగ్గర ఒకటే పోట్లాట."

పెద్ద గిన్నె దింపుతున్న చప్పుడు వినిపించింది.