ముసలాయన బెయిల్ పిటిషన్: ముందు విలువ, తర్వాత వయసు

దొంగతనం కేసులో బెయిల్ పిటిషన్ రాయడానికి కూర్చున్న జూనియర్ ఎఫ్ఐఆర్‌లో ముందుగా చూడాల్సింది ముద్దాయి వయసు కాదు, పోయిన సొత్తు విలువ. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనానికి సెక్షన్ 303(2) కింద మూడేళ్ల వరకు జైలు. అది నాన్ బెయిలబుల్. సొత్తు విలువ 5,000 రూపాయల లోపయితే మాత్రం కథ మారిపోతుంది. అప్పుడది బెయిలబుల్ నేరం. మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు కూడా చేయకూడదు. మొదటిసారి శిక్షపడే మనిషి సొత్తునో దాని విలువనో తిరిగిచ్చేస్తే, శిక్ష సమాజ సేవతో సరి.

జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లె, 68 ఏళ్ల కూలీ అనుకుందాం. బోరు మోటారు కేబుల్ పోయిందని రైతు ఫిర్యాదు చేశాడు, విలువ 8,000 అని రాయించాడు. మధ్యవర్తుల రిపోర్టు చూస్తే దొరికింది కాల్చి తీసిన రెండు కిలోల రాగి. ఆ 8,000 కొత్త కేబుల్ ధరా, ఏళ్ల తరబడి ఎండకు ఎండిన పాత కేబుల్ ధరా? ఈ ప్రశ్నే పిటిషన్‌లో మొదటి పేరా కావాలి. అయితే దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు. బెయిల్ దశలో కోర్టు చాలావరకు ఎఫ్ఐఆర్‌లోని అంకెనే పట్టుకుంటుంది. పైగా లెక్కకు వచ్చేది పోయిన కేబుల్ విలువ, మిగిలిన రాగి విలువ కాదు. అందుకే విలువ 5,000 లోపేనని, కనుక నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 478 కింద బెయిల్ హక్కని ముందు చెప్పి, కోర్టు అందుకు ఒప్పుకోకపోతే సెక్షన్ 480 కింద ఇవ్వమని అడగాలి.

ఇక వయసు. ఇక్కడ జూనియర్లు తరచూ పడే గొయ్యి ఒకటుంది. అరవై దాటినవాళ్లను అరెస్టు చేయాలంటే డీఎస్పీ అనుమతి కావాలని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(7) చెబుతుంది, నిజమే. కానీ అది మూడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే నేరాలకే. దొంగతనానికి శిక్ష మూడేళ్ల వరకు ఉంది, అంటే ఆ రక్షణ గీతకు అవతలే ఆగిపోతుంది. దీన్ని ఎత్తుకుంటే ఏపీపీ ఒక్క మాటతో కొట్టేస్తాడు, మిగతా వాదన కూడా పలచబడుతుంది. దానికి బదులు, ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు కారణాలు రాయాలన్న 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు పట్టుకోవాలి. రిమాండ్ రిపోర్టులో ఆ కారణాలు ఈ మనిషికి సరిపడేలా ఉన్నాయా, అన్ని కేసుల్లోనూ అచ్చుపోసే వాక్యాలేనా అన్నది అడగాలి. ముసలితనాన్ని చెప్పేటప్పుడు విశేషణాలు వద్దు. ఆధార్ కాపీ, పింఛను కాగితం, సర్కారు ఆస్పత్రి చీటీ జతచేస్తే చాలు.

రాయకూడని వాక్యం ఒకటుంది: ‘ఆకలికి తట్టుకోలేక తీశాడు, దయ చూపండి.’ జాలితోనే రాస్తారు, కానీ అది కోర్టు రికార్డులో ముద్దాయి తరఫున చేరిన ఒప్పుకోలు. రేపు విచారణలో ఆయన మెడకే చుట్టుకోవచ్చు. తప్పు చేశాడా లేదా అన్నది బెయిల్ పిటిషన్ తేల్చదు. పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, మళ్లీ ఇలాంటి పని చేస్తాడా అన్న మూడు అనుమానాలకే జవాబివ్వాలి. సొంతూళ్లో ఇల్లు ఉంది, సొత్తు ఇప్పటికే పోలీసుల చేతిలో ఉంది, పాత కేసులు లేవు. ఈ చివరి మాట రాసే ముందు రిమాండ్ రిపోర్టు చూసి, ఇంటివాళ్లను గుచ్చిగుచ్చి అడగాలి. ఎప్పుడో పేకాట కేసులో జరిమానా కట్టి మరిచిపోయి ఉంటారు. అది బయటపడితే పిటిషన్‌లోని నిజాలను కూడా ఎవరూ నమ్మరు. ఇంతకుముందు వేసిన బెయిల్ పిటిషన్లు ఉంటే వాటినీ దాచకుండా చెప్పాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, చాలామంది ఒక్క వాక్యంతో సరిపెట్టేసేది, పూచీకత్తు పేరా. మన ముసలాయనకు ఉన్నది ఒక్క కూతురు. ఆమె ఉండేది కోదాడలో. జగ్గయ్యపేట నుంచి హైవే మీద వెళ్తే సరిహద్దు దాటగానే వచ్చే ఊరే, కానీ రాష్ట్రం వేరు. కోర్టు స్థానిక జామీనుదారులు కావాలంటే బెయిల్ వచ్చినా ఆయన జైల్లోనే ఉంటాడు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి అచ్చం ఇలాగే జరిగింది. పదివేల పూచీకత్తు అడిగి, వేరే జిల్లాలో ఆస్తి ఉన్న సోదరుణ్ణి జామీనుగా మేజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలిపెట్టమన్నారు. కాబట్టి కూతురు పేరు, ఆమె ఇంటి పన్ను రసీదు పిటిషన్‌లోనే పెట్టి, ఆమెను జామీనుగా ఒప్పుకోవాలనో, సొంత బాండు మీద వదలాలనో ముందే అడగాలి. వారం వారం స్టేషన్లో సంతకం షరతు పెట్టే అవకాశముంటే, ఆయన ఊరి దూరం, మోకాళ్ల నొప్పి ఆ పేరాలోనే రావాలి.

ఉత్తర్వు వచ్చాక ఫైలు కట్టేయకూడదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బెయిల్ వచ్చి ఏడు రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోపు బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానిక జామీను పట్టుబట్టడం వల్లే విడుదల ఆలస్యమవుతోందని గుర్తించి, అలాంటి షరతు పెట్టకుండా ఉండవచ్చని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. కోదాడ కూతురి కాగితాలు వెనక్కి వస్తే, నెల గడిచేదాకా ఆగకుండా, దీన్ని చూపించి షరతు సడలింపు కోసం మర్నాడే మరో పిటిషన్ వేయాలి.