జరిగింది, జరిగేది

మాటల్లేకుండా కథ చెప్పిన గేమ్ ఏదంటే అందరూ జర్నీ పేరే చెప్తారు. 2012లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చింది, దట్‌గేమ్‌కంపెనీ తీసింది. అందులో డైలాగు లేదు, ఎవరో రాసిపెట్టి పోయిన డైరీలు దొరకవు. ఎర్ర అంగీ వేసుకున్న ఒక మనిషి ఇసుకలో నడుస్తూ దూరంగా కనిపించే కొండ వైపు వెళ్తాడు. దారిలో ఒకప్పటి నగరం ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది. నాకూ ఇష్టమైన గేమే. కానీ మాయమైపోయిన ఒక నాగరికతని అది మాటల్లేకుండా చూపించిందా అంటే, సగమే చూపించింది అంటాను.

ఎందుకంటే ప్రతి లెవెల్ చివరా తెల్లటి ఆకారం ఒకటి ప్రత్యక్షమై, ఆ జాతి చరిత్రని బొమ్మలుగా చూపిస్తుంది. దారిలో గోడల మీద దాచిన చిత్రాలు కూడా అదే పని చేస్తాయి. వీళ్ళు ఇలా ఎదిగారు, గుడ్డలోని శక్తి కోసం కొట్టుకున్నారు, ఇలా పోయారు. అక్షరాలు లేవు, నిజమే. కానీ అది బొమ్మలతో రాసిన డైరీయే. మనం కనిపెట్టాల్సింది ఏమీ మిగలదు, నిలబడి చూస్తే చాలు.

అదే గేమ్‌లో రెండో లెవెల్ చూడండి. ఒక పెద్ద వంతెన విరిగిపోయి ఉంటుంది, స్తంభాలు మాత్రం మిగిలాయి. బందీగా ఉన్న గుడ్డముక్కల్ని మనం విడిపిస్తే అవి ఎగిరివెళ్ళి స్తంభాల మధ్య పరుచుకుని దారి అవుతాయి. ఆ దారి మీద నడిచేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఒక సంగతి తెలుస్తుంది: ఈ ఊళ్ళో గుడ్డంటే బట్ట కాదు, వీళ్ళకది కరెంటు లాంటిది. వాళ్ళు దాన్ని ఎలా వాడుకున్నారో మనమూ అలాగే వాడుకుని దాటాం. చివర్లో వచ్చే బొమ్మ వాళ్ళకి ఏం జరిగిందో చెప్తుంది. వంతెన మాత్రం వాళ్ళకి రోజూ ఏం జరిగేదో చెప్పింది.

ఈ తేడా నాకు చాలా ముఖ్యం. 2010 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో మథియాస్ వర్చ్, హార్వీ స్మిత్ కలిసి ఈ విషయం మీద ఒక ప్రసంగం చేశారు. లెవెల్ డిజైన్ గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ దాన్నే తలుస్తారు. దాని పేరు ‘ఇక్కడ ఏం జరిగింది?’ మంచి ప్రశ్నే, కానీ అది పోలీసువాడి ప్రశ్న. నేల మీద రక్తం, పక్కన తుపాకీ, సగం తెరిచిన తలుపు. ఒక్కసారి జరిగిన ఒక సంఘటనని వెనక్కి చదువుకోవడానికి అది సరిపోతుంది. నాలుగైదు వందల ఏళ్ళు ఒకచోట బతికిన మనుషుల్ని చదవడానికి సరిపోదు. అక్కడ అడగాల్సింది ‘జరిగింది’ కాదు, ‘జరిగేది’.

విశాఖలో ఉంటూ దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. భీమిలి రోడ్డు మీద పది పదిహేను కిలోమీటర్లు పోతే తొట్లకొండ. సముద్ర మట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున్న కొండ మీద బౌద్ధ ఆరామం. నౌకాదళం వాళ్ళ ఏరియల్ సర్వేలో బయటపడిన చోటిది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. క్రీస్తుకి ముందు, తర్వాత కొన్ని శతాబ్దాలు భిక్షువులు అక్కడ ఉన్నారు. ఇప్పుడు కనిపించేవి మోకాలెత్తు గోడలు, గదుల వరసలు, స్తంభాల మొదళ్ళు, భోజనశాల, రాళ్ళు పరిచిన దారులు, స్తూపం. ఇంకా, బండలో తొలిచిన నీటి తొట్లు. కొండకి పేరొచ్చింది వాటి వల్లే.

ఒక లెవెల్ డిజైనర్‌గా ఆలోచించి చూడండి, ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఏది? ఎవరైనా స్తూపం అంటారు. నేను తొట్లు అంటాను. కొండ మీద వాగు లేదు, చెరువు లేదు. ఎదురుగా కనుచూపు మేరా సముద్రం, తాగడానికి మాత్రం చుక్క నీరు లేదు. ఆ రెంటినీ ఒకే చూపులో చూపించి, తర్వాత బండలో తొలిచిన తొట్టి దగ్గరికి తీసుకెళ్తే ఆడేవాళ్ళ బుర్రలో లెక్క దానంతటదే నడుస్తుంది. వాన పడినప్పుడు పట్టుకున్నారన్నమాట. అంటే వానాకాలం కోసం ఎదురు చూసేవాళ్ళు. ఒక్కరికోసం ఇన్ని తొట్లు తొలవరు, అంటే చాలామంది ఉండేవాళ్ళు. రాయి తొలవడానికి నెలలు పడుతుంది, అంటే ఉండిపోదామనే వచ్చారు. ఈ నాలుగూ ఒక్క వస్తువు లోంచి వచ్చాయి. దీన్నే గోడ మీద బొమ్మగా గీస్తే (వాన, కుండలు, గుండు చేయించుకున్న మనుషులు) ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా మనది కాదు.

ఇక్కడ వరస ముఖ్యం. తొట్టి ముందు కనిపించి సముద్రం తర్వాత కనిపిస్తే అది వట్టి గుంట. పోయిన ఏడాది వారాంతాల్లో గోడో (ఫ్రీగా దొరికే గేమ్ ఇంజన్ లెండి) మీద ఇలాంటి కొండనే బూడిదరంగు డబ్బాలతో కట్టాను. కాలిబాట మొదట్లో ఆటగాడి వీపు సముద్రానికి ఉంటుంది. రెండో మలుపు దగ్గర దారి అటు తిరుగుతుంది, నీళ్ళు కనిపిస్తాయి. పైకెక్కాక ఎండిన కాలవ ఒకటి పాదాల కిందుగా పోతుంది. దాని వెంట నడిస్తే ముందు ఒక చిన్న తొట్టి, అడుగున మడ్డి. దాని అంచున చిన్న గాడి, గాడి అవతల పెద్ద తొట్టి, అడుగు శుభ్రం. వాన నీళ్ళలో మట్టి మొదటి దాంట్లో దిగిపోయి, తేట రెండో దాంట్లోకి పోతుందని ఎక్కడా రాయలేదు. ఆడిన ముగ్గురు స్నేహితుల్లో ఇద్దరు తమంతట తాము చెప్పారు. మూడోవాడు గంతులేసుకుంటూ పోయాడు, వాడు ఏ గేమైనా అలాగే ఆడతాడు.

గదుల దగ్గర ఒక పెద్ద చిక్కుంది. భిక్షువు గది అంటే ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత. ఆ ఇరుకే అసలు సంగతి, ఏమీ దాచుకోని మనిషి గది అది. కానీ గేమ్‌లో కెమెరా మనిషి వెనక రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. రెండున్నర మీటర్ల గదిలోకి వెళ్తే అది గోడలో ఇరుక్కుంటుంది. అందుకని డిజైనర్లు గదుల్ని, తలుపుల్ని, కొలతకి మించి పెంచేస్తారు. గేమ్‌లలో పాత నాగరికతలన్నీ రాక్షసులు కట్టినట్టు ఉండడానికి ఒక కారణం ఇదేనని నా అనుమానం. అది మహత్తు కాదు, కెమెరాకి చోటు. తొట్లకొండ గదులకి పైకప్పులు పోయాయి, గోడలు మోకాలి దాకానే మిగిలాయి. కాబట్టి కెమెరాకి అడ్డే లేదు, గది కొలత గది కొలతలాగే ఉంచొచ్చు. అన్ని గదులూ ఒకే కొలతలో వరసగా ఉండి, వాటికి కాస్త దూరంలో ఒకే ఒక్క పెద్ద భోజనశాల ఉంటే ఇంకేం చెప్పాలి? విడివిడిగా పడుకునేవాళ్ళు, కలిసి తినేవాళ్ళు. ఎవరికీ రెండు గదుల ఇల్లు లేదు. రాజు ఉండే చోటు కాదిది.

ఇక పోవడం సంగతి. గేమ్‌లకి నాగరికతలు అంతమవడమంటే చాలా ఇష్టం, నెమ్మదిగా ఖాళీ అవడమంటే మాత్రం చేతకాదు. అందుకే ఎక్కడ చూసినా ఒకరినొకరు పట్టుకున్న అస్థిపంజరాలు. నేను ఒక పరీక్ష చేశాను. అదే కొండని రెండు రకాలుగా ఉంచాను. ఒకదాంట్లో భోజనశాల మూలన ఒక అస్థిపంజరం, రెండోదాంట్లో అది లేదు, మిగతాదంతా ఒకటే. అస్థిపంజరం ఉన్నది ఆడినవాళ్ళని ‘ఇక్కడ ఎవరుండేవాళ్ళు?’ అని అడిగితే అందరూ దాడి గురించే మాట్లాడారు. తొట్ల ఊసే ఎత్తలేదు. ఒక్క ఎముకల గూడు ‘జరిగేది’ మొత్తాన్ని మింగేసి ‘జరిగింది’ ఒక్కటే మిగిల్చింది.

మరి నెమ్మదిగా పోవడాన్ని ఎలా చూపించాలి? దీనికీ నీళ్ళే దారి. తొట్లన్నిట్లో మడ్డి ఒకే మందాన ఉంటే అందరూ ఒకేరోజు పోయినట్టు. ఒకదాంట్లో నిండా మట్టి పేరుకుని చెట్టు మొలిచి, ఇంకోదాంట్లో సగమే ఉండి, భోజనశాలకి దగ్గరలో ఉన్నదాంట్లో అడుగున కొంచెమే ఉంటే, మనుషులు తగ్గేకొద్దీ దూరపు తొట్టిని ముందు వదిలేశారన్నమాట. గదుల వరసలో చివరి రెండు గదుల రాళ్ళు తీసి మొదటి గది గోడకి అతుకేస్తే, కొత్త రాయి తెచ్చే ఓపిక లేక ఉన్నదాంతోనే సర్దుకున్నారని అర్థమవుతుంది. అతుకు అసలు పని కంటే కాస్త నాసిగా ఉండాలి, మరీ నాసిగా ఉంటే శత్రువులు కట్టారనుకుంటారు. ఇవి నా లెవెల్లో పెట్టినవి, తొట్లకొండ మీద ఇలా ఉన్నాయని చెప్పడం లేదు.

దీని పరిమితి కూడా చెప్పాలి. తొట్టి వల్ల దాహం తెలుస్తుంది, నమ్మకం తెలియదు. ఆ గదుల్లో వాళ్ళు ఏం ధ్యానించారో, ఆ గుండ్రటి ఇటుకల దిబ్బ చుట్టూ ఎందుకు తిరిగారో వస్తువులతో చెప్పడం కష్టం. తిరిగారని మాత్రం చెప్పొచ్చు: చుట్టూ బాట పెట్టి, బయటి అంచు కంటే లోపలి అంచు రాళ్ళు ఎక్కువ అరిగినట్టు చేస్తే చాలు. నిజం తొట్లకొండలో కూడా తవ్వినవాళ్ళకి బ్రాహ్మీ శాసనాలు, శాతవాహన నాణేలు, రోమన్ నాణేలు దొరక్కపోతే కాలం, వ్యాపారం ఇంత స్పష్టంగా తెలిసేవి కావు. డైరీ వద్దనే నియమం పెట్టుకున్న గేమ్ వదులుకునేది చిన్నదేం కాదు.

ఆ కొండ మీద ఇంకొక కథ కూడా ఉంది, అది మనకాలపుది. మహాస్తూపాన్ని పాత పునాది మీద మళ్ళీ కట్టి నిలబెట్టారు. 2019 అక్టోబరు వానలకి అందులో కొంత భాగం కూలిపోయింది. అంతకుముందు చూసినవాళ్ళకి పాత పని ఎక్కడ ఆగిందో కొత్త పని ఎక్కడ మొదలైందో చప్పున తెలిసేది కాదు, స్తూపమంతా ఒకేలా, నున్నగా కనిపించేది. లెవెల్ డిజైన్‌లో దీన్ని తప్పు అనే అంటాం, ఎందుకంటే రెండు వేల ఏళ్ళ తేడా ఉన్న రెండు చేతుల పని ఒకే టెక్స్‌చర్‌తో కప్పేశారు. నా బూడిదరంగు కొండ మీద స్తూపాన్ని పునాది వలయం దాకానే ఉంచాను. ఎంత ఎత్తుండేదని ఒక స్నేహితుడు అడిగాడు. పక్కన పడి ఉన్న ఇటుకలు లెక్కపెట్టుకోమన్నాను. వాడు నిజంగానే కూర్చుని లెక్కపెట్టాడు.