ఆసుపత్రుల అంతర్గత ఆడిట్ వార్షిక ప్రణాళిక: రిస్క్ అంకెలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: చిన్న ఆడిట్ బృందం గల ఆసుపత్రుల సముదాయంలో ఏటా తయారయ్యే రిస్క్ ఆధారిత ఆడిట్ ప్రణాళికను ఈ వ్యాసం ఒక పాఠంగా తీసుకుని పరిశీలిస్తుంది. నియంత్రణలు ఉన్నాయన్న మాటను పరీక్షించకుండానే అంకెలోకి మార్చడం వల్ల ప్రమాదకరమైన విభాగాలు ఆడిట్‌కు అందకుండా పోతున్న తీరును, మత్తుమందుల నిల్వల ఉదాహరణతో వివరిస్తుంది.

కీలకపదాలు: అంతర్గత ఆడిట్, రిస్క్, నియంత్రణ, మత్తుమందుల రిజిస్టరు, ఆడిట్ కమిటీ.

1. ఉపోద్ఘాతం

తెలుగు వాణిజ్యశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో ‘రిస్క్’ అనే మాటకు ‘నష్టభయం’ అనే సమాసం వాడుకలో ఉంది. వ్యాపారి విషయంలో ఈ సమాసం చక్కగా అమరుతుంది. నష్టపోయేదీ భయపడేదీ అతడే. ఆసుపత్రికి వచ్చేసరికి సమాసం రెండుగా చీలిపోతుంది. నష్టం రోగిది, భయం యాజమాన్యానిది. యాజమాన్యం దేనికి భయపడుతుందో దానికే ఎక్కువ అంకె పడే అవకాశం ఆ చీలికలోనే ఉంది. ఈ కారణంగా ఇక్కడ ‘రిస్క్’ అనే వాడుకమాటనే గ్రహించడమైనది.

భారతదేశంలో 2013 కంపెనీల చట్టం 138వ సెక్షన్ నిర్ణీత తరగతుల కంపెనీలకు అంతర్గత ఆడిట్‌ను తప్పనిసరి చేసింది. ఆడిట్ పరిధి, కాలవ్యవధి, పద్ధతి వంటివాటిని అంతర్గత ఆడిటరును సంప్రదించి ఆడిట్ కమిటీ గాని, డైరెక్టర్ల బోర్డు గాని రూపొందించాలని దాని కింది నియమాలు చెబుతున్నాయి. ప్రణాళికను రిస్క్ ఆధారంగా రూపొందించాలన్నది వృత్తి ప్రమాణాల నిర్దేశం. 2024 జనవరిలో వెలువడి 2025 జనవరి నుండి అమల్లోకి వచ్చిన ప్రపంచ అంతర్గత ఆడిట్ ప్రమాణాలు కూడా దీనినే కోరుతున్నాయి.

2. పనిదినాల లెక్క

చర్చకు వీలుగా ఒక ఊహాత్మక నమూనాను తీసుకోవచ్చు. ఖమ్మం, ఏలూరు వంటి పట్టణాల్లో ఐదు ఆసుపత్రులు నడిపే ఒక సముదాయం. ఆడిట్ అధిపతితో కలిపి బృందంలో ముగ్గురు. ఆదివారాలు, పండుగలు, సెలవులు, శిక్షణ పోగా ఒక్కొక్కరికి ఏడాదికి 270 పనిదినాలు మిగులుతాయనుకుంటే మొత్తం 810. అధిపతి కాలంలో సగం, అంటే 135 దినాలు, సమావేశాలకూ పర్యవేక్షణకూ పోతుంది. మిగిలిన 675లో పాత ఆడిట్ సూచనలు అమలయ్యాయో లేదో చూడడానికి 60, సంవత్సరాంతపు నిల్వల లెక్కింపుకు 25, అనుకోకుండా వచ్చే విచారణలకు 100 తీసి పక్కన పెట్టాలి. చేతిలో ఉండేది 490. ప్రయాణం, నివేదిక రచన కలుపుకొని ఒక్కో ఆడిట్‌కు సగటున 45 పనిదినాలు పడితే ఏడాదికి పది ఆడిట్లు చేయవచ్చు.

ఆడిట్ చేయదగిన అంశాలు మాత్రం పది కావు. ఒక్కో ఆసుపత్రిలో ఫార్మసీ, బిల్లింగు, బీమా క్లెయిములు, ఆపరేషన్ థియేటరు సామగ్రి మొదలైన 14 ప్రక్రియలు ఉన్నాయనుకుంటే ఐదింటికి 70. కేంద్ర కార్యాలయపు పనులు మరో పది. ఈ 80 అంశాలను వరుసగా చూసుకుంటూ పోతే మొదటి దాని వద్దకు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. రిస్క్ ఆధారంగా ఎంపిక చేయవలసిన అవసరం ఇక్కడే పుడుతోంది. అయితే చాలా ప్రణాళికల్లో ఈ లెక్క చివరి పేజీలో అనుబంధంగా కనిపిస్తుంది, కొన్నింటిలో అసలే కనిపించదు. ముందుగా ఇరవై ఆడిట్ల జాబితా రాసి, తరువాత మనుషుల్ని సర్దడానికి ప్రయత్నిస్తే మార్చి నెలలో మిగిలేది సగంలో ఆగిన ఆడిట్లే.

3. పది, పది ఒకటి కాదు

ఎంపికకు వాడే పద్ధతి సాధారణంగా ఒక గుణకారం. నష్టతీవ్రతకు ఒకటి నుండి ఐదు వరకు, జరిగే అవకాశానికి ఒకటి నుండి ఐదు వరకు అంకెలు వేసి హెచ్చిస్తారు. నమూనా సముదాయంలో చిల్లర ఖర్చుల నగదుకు తీవ్రత 2, అవకాశం 5 పడితే వచ్చేది 10. మార్ఫిన్, ఫెంటానిల్ వంటి మత్తుమందుల నిల్వకు తీవ్రత 5, అవకాశం 2 పడితే వచ్చేదీ 10. టీ ఖర్చుల రసీదు పోవడం, శస్త్రచికిత్స అయిన రోగికి చేరవలసిన నొప్పి మందు మరొకరి జేబులోకి పోవడం ఆ పట్టికలో ఒకే వరుసలో నిలబడతాయి.

గుణకారపు ఈ లోపం ఆడిట్ వృత్తిలో తెలిసినదే. తీవ్రత 5 పడిన అంశాలను వేరుగా చూడాలన్న జాగ్రత్త కొందరు తీసుకుంటారు కూడా. కాని అసలు ప్రశ్న అంతకన్నా లోతైనది: మత్తుమందులకు అవకాశం 2 అని ఎవరు వేశారు?

పట్టికలో ముందుగా ఉండేది నియంత్రణలు ఏవీ లేవనుకున్నప్పటి సహజ రిస్క్. మత్తుమందులకు అది తీవ్రత 5, అవకాశం 4, మొత్తం 20. తరువాతి గడిలో ‘నియంత్రణలు పటిష్ఠంగా ఉన్నట్లు తెలియవచ్చింది’ అన్న వాక్యం ఉంటుంది. దాంతో అవకాశం 4 నుండి 2కు తగ్గి, మిగులు రిస్క్ 10 అవుతుంది. ఈ వాక్యంలో క్రియ గమనించదగ్గది. ‘తెలియవచ్చింది’ అన్నప్పుడు చెప్పినవారు ఎవరో, చూసినవారు ఎవరో వాక్యంలో లేరు. ‘గమనించబడింది’, ‘నిర్ధారించబడింది’ అన్న కర్మణి ప్రయోగాలదీ ఇదే దారి. పరిపాలనా తెలుగులో కర్తను దాచే ఈ అలవాటు మరోచోట శైలీదోషం మాత్రమే కావచ్చు. ఇక్కడ అది పది అంకెలను మాయం చేస్తోంది. నిజానికి ఆ మాట చెప్పింది నర్సింగ్ సూపరింటెండెంట్, అంటే ఆ నియంత్రణకు బాధ్యురాలు. ఆమె అబద్ధం చెప్పనక్కరలేదు. తాను చూస్తున్నది సరిపోతుందని ఆమె నమ్మితే చాలు.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. ఏ విభాగంవారు తమ నియంత్రణల గురించి గట్టిగా మాట్లాడగలరో ఆ విభాగం ఏటా జాబితా కిందికి జారిపోతుంది. ఆడిట్ వెళ్లదు కాబట్టి ఆ మాట తప్పని తేలదు. తప్పని తేలలేదు కాబట్టి మరుసటి ఏడాది కూడా అంకె 10గానే ఉంటుంది.

4. రిజిస్టరు సరిపోయినంత మాత్రాన

ఆ నియంత్రణలో ఏముందో చూడాలి. వార్డులో మత్తుమందులు తాళం వేసిన బీరువాలో ఉంటాయి. ప్రతి షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు నర్సులు ఆంపూల్స్ లెక్కపెట్టి, రిజిస్టరులోని మిగులుతో సరిచూసి సంతకం చేస్తారు. ఫార్మసిస్టు అప్పుడప్పుడు వచ్చి అదే లెక్క మళ్లీ చూస్తాడు. లెక్క ఎప్పుడూ సరిపోతూనే ఉంటుంది.

సరిపోవడం వల్ల తెలిసేది బీరువాలోంచి రాయకుండా ఏదీ పోలేదని మాత్రమే. మందు పక్కదారి పట్టించాలనుకున్నవారు బీరువాలోంచి దొంగిలించరు, రోగికి ఇచ్చినట్లు రాసి తీసుకుంటారు. లేదా ఆంపూల్‌లో మిగిలినదాన్ని పారబోసినట్లు రాస్తారు. ఉదాహరణకు 2 మిల్లీలీటర్ల ఫెంటానిల్ ఆంపూల్‌లో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. రోగికి 60 ఇస్తే మిగిలిన 40 పారబోసినట్లు సాక్షి సంతకంతో నమోదు కావాలి. ఆ సాక్షి పారబోయడం చూశాడా, షిఫ్టు చివర అన్ని సంతకాలూ ఒకేసారి పెట్టాడా అన్నది రిజిస్టరు చెప్పదు.

కాబట్టి పరీక్ష బీరువా దగ్గర కాక కేసుషీటు దగ్గర మొదలు కావాలి. రిజిస్టరు నుండి నలభై నమోదులు తీసుకుని, ఆ రోగి మందుల చార్టులో, మత్తు వైద్యుని రికార్డులో అదే సమయానికి అదే మోతాదు ఉందో లేదో చూడాలి. ఆ తరువాత దిశ మార్చి, కేసుషీట్ల నుండి మోతాదులు తీసుకుని రిజిస్టరులో వెతకాలి. డిశ్చార్జి అయిన రోగి పేర మందు తీసినట్లు ఉండడం, ఎప్పుడూ ఒకే జంట సంతకాలు కనిపించడం, మందు ఇచ్చినట్లున్నా నర్సు నోట్సులో రోగి నొప్పి తగ్గలేదని ఉండడం ఆగి చూడవలసిన గుర్తులు. వీటిలో ఏదీ ఒక్కటిగా నేరానికి రుజువు కాదు. రాత్రి షిఫ్టులో ఇద్దరే ఉన్న వార్డులో ఒకే జంట సంతకాలు తప్పవు.

ఐదు ఆసుపత్రుల్లోనూ ఇది చేయడం ముగ్గురి బృందానికి సాధ్యం కాదు. ప్రతి నూరు శస్త్రచికిత్సలకు ఎన్ని ఫెంటానిల్ ఆంపూల్స్ వాడారో ఆసుపత్రి వారీగా లెక్కవేస్తే, అందరికన్నా దూరంగా ఉన్న ఒక ఆసుపత్రిని, పోలిక కోసం సగటున ఉన్న మరొకదాన్ని ఎంచుకోవచ్చు. గుండె శస్త్రచికిత్సలు చేసే చోట ఫెంటానిల్, క్యాన్సర్ విభాగం ఉన్న చోట మార్ఫిన్ సహజంగానే ఎక్కువ పడతాయి కాబట్టి ఆ తేడాను ముందే తీసివేయాలి. మోతాదు సబబా కాదా అని చెప్పగల అర్హత ఆడిటరుకు లేదు. అందుకు సముదాయంలోనే మరో ఆసుపత్రికి చెందిన మత్తు వైద్యుని సహాయం కొన్ని రోజులకు అడగవలసి ఉంటుంది.

5. ఖాళీ గడి

పట్టికను దిద్దడానికి కొత్త సూత్రమేమీ అక్కరలేదు. ‘తెలియవచ్చింది’ అన్న గడిని తీసివేసి, ఆ స్థానంలో మూడు విషయాలు రాయవలసి ఉంటుంది: ఈ నియంత్రణను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఎవరు పరీక్షించారు, దేనితో పోల్చి పరీక్షించారు. గడి ఖాళీగా ఉంటే నియంత్రణకు ఎలాంటి తగ్గింపూ ఇవ్వకూడదు. అప్పుడు మత్తుమందుల అంకె 20 దగ్గరే ఉంటుంది, చిల్లర ఖర్చుల అంకె 10 దగ్గర ఉంటుంది.

మూడో విషయం ముఖ్యమైనది. ఆసుపత్రికి ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు ఉంది కాబట్టి తగ్గింపు ఇవ్వవచ్చునన్న వాదన తరచుగా వస్తుంది. గుర్తింపు పరిశీలకులు పద్ధతి ఉందా, నమూనాగా చూసిన రికార్డుల్లో అమలవుతోందా అని చూస్తారు. అది విలువైనదే. కాని ఏడాది పొడవునా రిజిస్టరును కేసుషీట్లతో ముడివేసి చూసే పని వారిది కాదు. ఇతరుల పరిశీలనపై ఆధారపడేటప్పుడు వారు చూసిన విషయమూ, ఈ రిస్కూ ఒకటేనా అని అడగకపోతే పాత తప్పే కొత్త సంతకంతో తిరిగివస్తుంది.

ఈ మార్పుకు మూల్యం ఉంది. ఖాళీ గడులు బయటపడగానే ఎక్కువ అంకె గల అంశాలు పదిని దాటిపోతాయి. నమూనా సముదాయంలో అవి పద్దెనిమిది అయ్యాయనుకుంటే, ఎనిమిది అంశాలు ఎక్కువ రిస్క్ గలవని తెలిసి కూడా వదిలేయవలసి వస్తుంది. పాత పట్టిక అందరికీ నచ్చడానికి కారణం బహుశా ఇదే. అది జాబితాను చేతిలో ఉన్న మనుషులకు సరిపడా కుదించి, వదిలేసినవాటికి తక్కువ అంకె వేసి చూపించేది.

పైన పేర్కొన్న 2024 ప్రమాణాల్లో 9.4వ ప్రమాణం ఈ స్థితిని ముందే ఊహించింది. ఎక్కువ రిస్క్ గల అంశాన్ని ప్రణాళికలో చేర్చనప్పుడు అందుకు కారణాన్ని, వనరుల కొరత ఆడిట్ పరిధిపై చూపే ప్రభావాన్ని బోర్డుతోనూ ఉన్నత యాజమాన్యంతోనూ చర్చించాలని అది ఆడిట్ అధిపతిని ఆదేశిస్తుంది. ఆచరణలో ఈ చర్చ ‘వనరుల పరిమితికి లోబడి’ అనే ఒక్క పదబంధంలో ముగిసిపోతుంటుంది. ఆ పదబంధం చదివిన కమిటీ సభ్యునికి ఏది వదిలేశారో తెలియదు.

నమూనా ప్రణాళికలో ఆ పేజీ ఎలా ఉండాలో ఒక అంశంతో చూడవచ్చు. ఆసుపత్రి కంప్యూటరు వ్యవస్థ కూలిపోతే రోగుల రికార్డులను ఎంతసేపట్లో తిరిగి తేగలరన్నది 20 అంకె గల అంశం. బృందంలో ఎవరికీ ఆ నైపుణ్యం లేదు. ప్రణాళికలో రాయవలసినది: ‘బ్యాకప్ నుండి రికార్డులను తిరిగి తెచ్చే పరీక్షను ఐదు ఆసుపత్రుల్లో ఎవరూ చేసినట్లు ఆధారం చూపలేదు. ఈ ఆడిట్‌ను ఈ ఏడాది చేయడం లేదు. బయటి నిపుణునికి 30 పనిదినాలు అవసరం. బడ్జెటు కమిటీ నిర్ణయించాలి. అంతవరకు ఈ రిస్క్‌కు సమాచార సాంకేతిక విభాగాధిపతి బాధ్యులు.’ ఇందులో ప్రతి వాక్యానికీ కర్త ఉన్నాడు, లేదా ఎవరు కావాలో చెప్పబడి ఉంది. కమిటీ డబ్బు మంజూరు చేయవచ్చు, చేయకపోవచ్చు. చేయకపోతే ఆ నిర్ణయం కమిటీ మినిట్స్‌లో కమిటీ పేరుతోనే నమోదవుతుంది.