దురద ఒకటే, కారణాలు వేరు

ఫిబ్రవరి వచ్చిందంటే మా వైపు గాలిలోనే ఘాటు ఉంటుంది. కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. గుంటూరు యార్డుకు టిక్కీల లారీలు బారులు తీరతాయి. ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వరుసల్లో కూర్చుని తొడిమలు తీస్తుంటారు. ఆ రోజుల్లోనే నా ఓపీ గదిలో ఒక మాట ఎక్కువగా వినిపిస్తుంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెబుతారు: "కింద దురదగా ఉంటోందమ్మా. తెల్లబట్ట కూడా అవుతోంది. వేడి చేసిందేమో."

పోయిన సీజన్‌లో పర్చూరు వైపు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, తొడిమలు తీసే కూలి. గుర్తుపట్టే వివరాలు మార్చి ఆమె సంగతి చెబుతున్నాను. కూర్చోగానే సంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద కుమ్మరించింది. ఖాళీ స్ట్రిప్పులు, సగం వాడిన ట్యూబు. ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు మందు వాడిందట.

మొదటిసారి వచ్చింది నిజంగా ఫంగసే అయి ఉంటుంది. దగ్గుకు యాంటీబయాటిక్ వాడిన వారానికి దురద, మంట, పెరుగు విరిగినట్టు తెల్లటి ముద్దలు. ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వేసుకుంటే తగ్గిపోయింది. చిక్కంతా అక్కడే మొదలైంది. అప్పుడు తగ్గింది కాబట్టి మళ్లీ వచ్చినా అదే జబ్బనుకుంది. రెండోసారి ఆమె కూతురు నాకు ఫోన్ చేసింది. "మళ్లీ అదే మేడం" అంటే, చూడకుండానే "అదే మాత్ర ఇంకొకటి వెయ్యి" అన్నాను. ఆ తప్పు నాది. మూడోసారి, నాలుగోసారి మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చుకుంది.

యోని గోడల మీద లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే సూక్ష్మజీవులుంటాయి. మన పెరుగును పులియబెట్టే వాటికి ఇవి దగ్గరి బంధువులు. ఇవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి అక్కడ పులుపు నిలబెడతాయి. సంతానవయసు స్త్రీలో ఆ పీహెచ్ మామూలుగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. కాండిడా అనే ఫంగస్ ఈ పులుపులో కూడా బతికేస్తుంది కాబట్టి ఫంగస్ వచ్చినా పీహెచ్ పెద్దగా మారదు. దురద బాగా ఉంటుంది, వాసన దాదాపు ఉండదు. బాక్టీరియల్ వెజైనోసిస్ దారి వేరు. మేలు చేసే జీవులు తగ్గిపోయి, వాటి చోట వేరే బాక్టీరియా పెరుగుతాయి. పులుపు పోతుంది. స్రావం పలచగా, బూడిద రంగు తెలుపులో, చేపల నీచు వాసనతో ఉంటుంది. ఆ వాసన కలయిక తర్వాత ఎక్కువవుతుంది. దురద మాత్రం తక్కువ. మూడోది ట్రైకోమోనాస్. ఇది కలయిక ద్వారా సోకే పరాన్నజీవి. దురద, మంటతో పాటు పసుపుపచ్చగా నురగ స్రావం కావచ్చు. భర్తకు కూడా ఏకకాలంలో మందు ఇవ్వకపోతే మళ్లీ తిరిగి వస్తుంది.

పుస్తకంలో ఇవి మూడు వేర్వేరు బొమ్మలు. మనిషిలో మాత్రం కలిసిపోతాయి. అందుకే మాట విని తేల్చకుండా చూడాలి.

ఆవిడకు స్పెక్యులంతో చూశాను. స్రావం పలచగా గోడలకు పూసినట్టుంది, పెరుగు ముద్దల్లేవు. పక్క గోడ నుంచి కాస్త తీసి పీహెచ్ కాగితానికి అద్దితే రంగు 4.5 గీత దాటింది. రక్తం ఉన్నా, వీర్యం ఉన్నా ఆ కాగితం తప్పు చెబుతుంది కాబట్టి దాని మాట ఒక్కటే నమ్మలేదు. స్లైడు మీద ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేయగానే నీచు వాసన వచ్చింది. వేరే స్లైడును మైక్రోస్కోపు కింద చూస్తే కణాల అంచులు కనిపించకుండా బాక్టీరియా దట్టంగా అంటుకుని ఉన్నాయి, పిండిలో దొర్లించిన అప్పడంలా. ఫంగస్ పోగు ఒక్కటి కూడా లేదు. అది బాక్టీరియల్ వెజైనోసిస్. ఫంగస్ మాత్ర ఎన్నిసార్లు వేసినా దాన్ని తాకదు.

మరి అంత దురద ఎక్కడిది? "తొడిమలు తీస్తూ తీస్తూ మధ్యలో బయటికి వెళ్లొస్తావు కదా, చేతులు దేనితో కడుగుతావు?" అని అడిగాను. "నీళ్లతోనే అమ్మా" అంది. మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లకు పోదు, నూనెలో కరుగుతుంది. ఆ చేతులతో శుభ్రం చేసుకున్నా, నెలసరి గుడ్డ మడత పెట్టుకున్నా ఆ మెత్తటి చర్మం భగ్గుమంటుంది. దాని మీద ఆమె రాసుకున్న ట్యూబులో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ ఏ మంటనైనా రెండు రోజుల్లో చల్లారుస్తుంది. అందుకే "బాగా పనిచేసింది" అనిపిస్తుంది. నెలల తరబడి రాసేసరికి చర్మం పలచబడి, మెరుస్తూ, మరింత సున్నితంగా తయారైంది. అంటే దురద బయటి నుంచి వస్తోంది, తెల్లబట్ట లోపలి నుంచి వస్తోంది. రెంటినీ కలిపి ఆమె "ఫంగస్" అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు రాశాను. ట్యూబు ఆపించాను. ఆపిన కొత్తలో దురద కాస్త పెరుగుతుందని ముందే చెప్పాను. పనిలోంచి లేచేటప్పుడు చేతులకు వంటనూనె రాసి తుడుచుకుని, ఆ తర్వాత సబ్బుతో కడగమన్నాను. లోపల సబ్బు, ఉప్పునీళ్లు, యాంటీసెప్టిక్ ఏదీ వద్దన్నాను. అవి ఉన్న ఆ కాస్త పులుపును కూడా కడిగేస్తాయి.

పొరపాటు పడింది ఆమె ఒక్కతే కాదు. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. ఫంగస్ అని తామే తేల్చుకుని షాపులో మందు కొన్న 95 మంది స్త్రీలను పరీక్షిస్తే, అచ్చంగా ఫంగస్ మాత్రమే ఉన్నవాళ్లు మూడో వంతు.

"సర్కారు ఆస్పత్రిలో అన్నీ కలిపి ఒకే ప్యాకెట్ ఇస్తారు కదా, షాపువాడిస్తే తప్పేంటి?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ తెల్లబట్టకు ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాములు కలిసే ఉంటాయి. మైక్రోస్కోపు లేని చోట కూడా వైద్యం అందాలని చేసిన ఏర్పాటు అది. కానీ అక్కడ ఇచ్చే ముందు గర్భమా అని అడుగుతారు, గర్భిణికి ఫ్లూకోనజోల్ మాత్ర ఇవ్వరు. వీలైతే లోపల చూస్తారు. భర్త సంగతి అడుగుతారు. వారానికి మళ్లీ రమ్మంటారు. షాపు ప్యాకెట్‌తో ఇవేవీ రావు.

గతంలో ఒకసారి డాక్టరు చూసి ఫంగస్ అని తేల్చి ఉండి, ఏడాదికో రెండేళ్లకో అచ్చం అవే లక్షణాలొస్తే ఒక్కసారి మందు వాడుకోవచ్చు. తగ్గకపోయినా, రెండు నెలల్లోపే తిరిగొచ్చినా చూపించుకోవాలి. ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తుంటే షుగరు పరీక్ష తప్పదు. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారికి మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఫంగస్ ఎక్కువగా వస్తుంది, ఆ మాత్ర పేరు తప్పక చెప్పాలి. గర్భం ఉన్నా, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా, కలయిక తర్వాత గానీ నెలసరి ఆగిపోయాక గానీ రక్తం కనిపించినా షాపు వైపు వెళ్లనే వద్దు. వచ్చే ముందు వారం రోజులు లోపల ఏ మందూ పెట్టకపోతే స్లైడు నిజం చెబుతుంది.

నెల తర్వాత ఆవిడ మళ్లీ వచ్చింది. తనకు తగ్గింది. వెంట ఇంకొకామె ఉంది, పక్క వరుసలో తొడిమలు తీసే మనిషి. "ట్యూబు కొనబోతుంటే ఈ అక్క ఆపింది డాక్టరమ్మా. వారం నుంచి ఏమీ పెట్టుకోలేదు" అంది. నేను పీహెచ్ కాగితం బయటికి తీశాను.